ఒక్క ప్లాటు అమ్మడానికి మాత్రమే పవర్ ఆఫ్ అటార్నీ: ఏం రాయాలి, ఎలా రద్దు చేసుకోవాలి

ప్రశ్న: నమస్తే సర్. నేను డల్లాస్‌లో ఉంటున్నాను. గుంటూరు దగ్గర నా పేరు మీద 240 గజాల ప్లాటు ఉంది, అమ్మేద్దామనుకుంటున్నాను. ఇప్పట్లో ఇండియా రావడం కుదరదు. మా బావమరిదికి పవర్ ఇవ్వమని ఇంట్లో అంటున్నారు. ఆయన మీద నమ్మకం ఉంది, కానీ అదే లేఅవుట్‌లో నాకు ఇంకో ప్లాటు కూడా ఉంది కాబట్టి టెన్షన్‌గా ఉంది. ఆ ఒక్క ప్లాటు అమ్మకానికే పనికొచ్చేలా పవర్ ఎలా రాయించాలి? మధ్యలో వద్దనుకుంటే రద్దు చేసుకోవచ్చా?

జవాబు:

రెండూ కుదురుతాయి. జనరల్ పవర్ వద్దు, స్పెషల్ పవర్ ఇవ్వండి. అందులో ఆ ఒక్క ప్లాటు షెడ్యూలు, కొనే మనిషి పేరు, ధర, డబ్బు పడాల్సిన మీ బ్యాంకు ఖాతా, ఆఖరు తేదీ, ఈ ఐదూ ఉండాలి. కొనేవాళ్లు ఖరారయ్యాకే సంతకం పెట్టండి. రద్దు చేసుకునే హక్కు మీకెప్పుడూ ఉంటుంది. కానీ రద్దు చేసిన సంగతి అవతలివాళ్లకు తెలిసేదాకా ఆ రద్దు మీకు పెద్దగా అక్కరకు రాదు. అందుకే రద్దు మీద ఆధారపడేకంటే, దానంతటదే చచ్చిపోయే పవర్ రాయించుకోవడం మేలు.

నేను గుంటూరులో 26 ఏళ్లుగా దస్తావేజులు రాస్తూ, ఆస్తి కేసులు చూస్తూ ఉన్న వకీలుని. నా దగ్గరికి వచ్చిన పవర్ తగాదాల్లో దాదాపు అన్నింటిలోనూ ఇచ్చినవాళ్లు ఒకే మాట అన్నారు: "నేను అలా చెప్పలేదండీ." ఫోన్లో చెప్పిన మాట, వాట్సాప్‌లో పెట్టిన షరతు, వాళ్లిద్దరి మధ్య ఉన్న అవగాహన, ఇవేవీ కొనేవాడికి కనిపించవు. సబ్ రిజిస్ట్రార్‌కు అసలే కనిపించవు. మీ షరతు ఆ కాగితం మీద, చదివినవాడికి కనిపించేలా ఉంటేనే అది మిమ్మల్ని కాపాడుతుంది. పవర్ పత్రంలో రాసిన అధికారాన్ని కోర్టులు బిగువుగానే చదువుతాయి, రాయని అధికారాన్ని ఊహించి ఇవ్వవు. ఆ బిగువు మీకు కలిసి రావాలంటే రాత స్పష్టంగా ఉండాలి.

ముందు కొనేవాళ్ల విషయం. మన దగ్గర అలవాటు ఏంటంటే, ప్లాటు అమ్మాలనుకోగానే పవర్ పంపించేస్తారు, ఆ తర్వాత బేరం వెతుకుతారు. ఇది తలకిందుల పద్ధతి. ప్లాటు చూపించడానికి, బేరం మాట్లాడటానికి, ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీయించడానికి పవర్ అక్కర్లేదు. మీ బావమరిది ఆ పనులన్నీ ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. బేరం కుదిరాక కొనే ఆయన మీ ఖాతాకే చిన్న మొత్తం టోకెన్‌గా వేసి, ధర, గడువు ఈమెయిల్లో ఒప్పుకుంటే, అప్పుడు ఆయన పేరుతోనే పవర్ రాయించండి. కాగితం అమెరికాలో సంతకమై ఇక్కడ చేతికొచ్చి పనికొచ్చేసరికి నాలుగైదు వారాలు పట్టవచ్చు. నిజంగా కొనాలనుకున్నవాళ్లు ఆ మాత్రం ఆగుతారు.

ఇలా చేస్తే ఇంకో చిక్కు కూడా తప్పుతుంది. చాలామంది పవర్‌లో "40 లక్షలకు తగ్గకుండా అమ్మవలెను" అని రాయిస్తారు. కొనేవాడు ఆ కాగితం చదవగానే బేరం 40 దగ్గరే ఆగిపోతుంది. కనీస ధర రాయకపోతేనేమో బావమరిది ఎంతకైనా అమ్మవచ్చు. "ప్రతిసారీ నా రాతపూర్వక అనుమతి తీసుకోవలెను" అని రాస్తే ఆ అనుమతి నిజమైనదో కాదో తేల్చుకోలేక కొనేవాడి వకీలు వెనక్కి తగ్గుతాడు. మనిషి, ధర ముందే తెలిస్తే ఈ మూడు చిక్కులూ ఉండవు.

మీ ప్లాటునే ఉదాహరణగా తీసుకుందాం. గజం 20,000 చొప్పున 240 గజాలకు 48 లక్షలు అనుకోండి. కొనే ఆయన ఒక లక్ష టోకెన్ వేశాడు, మిగతాది రిజిస్ట్రేషన్ రోజున ఇస్తానన్నాడు. అప్పుడు పవర్‌లో అసలు అధికారం ఇచ్చే వాక్యం దాదాపు ఇలా ఉండాలి:

"ఈ దిగువ షెడ్యూలులో వివరించిన ప్లాటును మాత్రమే, ఫలానా వారి కుమారుడైన ఫలానా వారికి గానీ, వారికి మరియు వారి భార్యకు ఉమ్మడిగా గానీ, రూ. 48,00,000 కు తగ్గని ధరకు విక్రయించుటకు, ఫలానా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాత్రమే విక్రయ దస్తావేజు వ్రాసి, సంతకం చేసి, రిజిస్టర్ చేయించుటకు ఈ అధికారం ఇస్తున్నాను. మరి ఏ ఇతర వ్యక్తికీ, మరి ఏ ఇతర ఆస్తినీ ఏ విధంగానూ బదిలీ చేయుటకు ఈ పత్రం అధికారం ఇవ్వదు."

భార్య పేరు కలిపే మాట ఎందుకంటే, మన దగ్గర బేరం భర్త మాట్లాడి ఆఖరి నిమిషంలో రిజిస్ట్రేషన్ ఇద్దరి పేరునా పెట్టించుకుంటారు. ఆ ఒక్క చిన్న మార్పు కోసం మళ్లీ డల్లాస్ నుంచి కాగితం తెప్పించాల్సిన పరిస్థితి రాకూడదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు ఎందుకంటే, ఆస్తి ఒక ఆఫీసు పరిధిలో ఉన్నా దస్తావేజు వేరే ఆఫీసులో రిజిస్టర్ చేయించుకునే వీలుంది. ఒకే ఆఫీసుకు కట్టేస్తే, రేపు మీరు రద్దు సంగతి తెలపాల్సిన చోటు కూడా ఒక్కటే అవుతుంది.

షెడ్యూలు దగ్గర తొందరపడకండి. మీకు అదే లేఅవుట్‌లో రెండు ప్లాట్లున్నాయి కాబట్టి ఇది మీకు మరీ ముఖ్యం. ప్లాటు నంబరు, సర్వే నంబరు, గజాలు, చదరపు మీటర్లు, నాలుగు హద్దులు, మీరు కొన్న దస్తావేజు నంబరు, సంవత్సరం, ఏ ఆఫీసులో రిజిస్టరైందో అన్నీ మీ లింక్ డాక్యుమెంట్‌లో ఉన్నది ఉన్నట్టు దించాలి. మీరు రెండు ప్లాట్లూ ఒకే దస్తావేజుతో కొని ఉంటే ఇంకో వాక్యం కలపండి: "అదే దస్తావేజు ద్వారా నాకు సంక్రమించిన మరో ప్లాటు, నంబరు ఫలానా, ఈ అధికారంలో చేరలేదు." కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన పవర్‌లో "ఫలానా దస్తావేజు ద్వారా నాకు సంక్రమించిన స్థలము" అని మాత్రమే ఉంది. ఆ దస్తావేజులో మూడు ప్లాట్లున్నాయి. ఆయన ఒకటి అమ్మమన్నారు, తమ్ముడి కొడుకు రెండు అమ్మాడు. రెండోది కొన్నవాళ్లు కాగితం చదివే కొన్నారు, వాళ్ల తప్పేమీ లేదు. ఆ కేసు రాజీతో ముగిసింది, స్థలం మాత్రం వెనక్కి రాలేదు.

ఇక డబ్బు. నా అనుభవంలో మోసాలు ఎక్కువగా జరిగేది స్థలం దగ్గర కాదు, డబ్బు దగ్గర. అమ్మే అధికారం ఉన్నవాడికి సాధారణంగా డబ్బు తీసుకునే అధికారం కూడా కలిపి రాస్తారు, నమూనాల్లో అలాగే ఉంటుంది: "విక్రయ ప్రతిఫలం స్వీకరించి రసీదు ఇచ్చుటకు." ఈ ముక్క కొట్టేయించండి. దాని బదులు ఇలా రాయించండి:

"విక్రయ ధర మొత్తం, చట్టప్రకారం కొనుగోలుదారు మినహాయించిన పన్ను పోను, నా పేరున ఉన్న ఫలానా బ్యాంకు ఎన్నార్వో ఖాతాకు బదిలీ ద్వారా గానీ, నా పేరున తీసిన అకౌంట్ పేయీ డీడీ ద్వారా గానీ మాత్రమే చెల్లించవలెను. నగదు రూపంలో గానీ, నా ఏజెంటు ఖాతాకు గానీ, ఇతరుల ఖాతాకు గానీ చేసిన ఏ చెల్లింపూ నాకు చెల్లించినట్లు కాదు. మొత్తం ధర ఈ విధంగా చెల్లించబడిన తర్వాతనే విక్రయ దస్తావేజుపై సంతకం చేయుటకు నా ఏజెంటుకు అధికారం కలదు."

ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ పూర్తిగా రాయండి. ఈ వాక్యం చదివాక కూడా కొనేవాడు మీ బావమరిదికి నగదు ఇచ్చాడంటే, రేపు కోర్టులో "నాకు తెలియదు" అనలేడు. పన్ను మాట ఎందుకు పెట్టానంటే, అమ్మేవాళ్లు ఎన్నారై అయితే కొనేవాళ్లు మినహాయించాల్సిన టీడీఎస్ ఇక్కడివాళ్ల ఆస్తికి కోసే ఒక శాతం కాదు, చాలా ఎక్కువ ఉంటుంది. తక్కువ కోయడానికి సర్టిఫికెట్ కావాలంటే బేరం కుదిరిన వెంటనే మీ ఆడిటర్‌తో ఆదాయపన్ను శాఖకు దరఖాస్తు పెట్టించండి, దానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ఈ లెక్క ముందు తేలకపోతే రిజిస్ట్రేషన్ రోజున 48 లక్షలకు ఎంత తగ్గినా బావమరిది మీద అనుమానం పడుతుంది. అది కుటుంబానికి మంచిది కాదు.

కొనేవాడికి కూడా ఒక భయం ఉంటుంది: డబ్బంతా ముందే వేసేశాక సంతకం పెట్టకపోతే? దానికి డీడీ మంచి మార్గం. డీడీ మీ పేరున ఉంటుంది కాబట్టి బావమరిది మార్చుకోలేడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజుపై సంతకం, డీడీ అందజేత ఒకేసారి జరుగుతాయి. డీడీ నంబర్లు, అంతకుముందు వేసిన టోకెన్ బదిలీ నంబరు విక్రయ దస్తావేజులోనే రాయించాలి.

కాగితంలో ఇంకా ఏమేం అధికారాలు ఉండాలంటే, పని ఆగకుండా జరగడానికి కావాల్సినంతవరకే: దస్తావేజు దాఖలు చేయడం, రాసినట్టు ఒప్పుకోవడం, ఫొటో వేలిముద్రలు ఇవ్వడం, ప్లాటు స్వాధీనం చేయడం, లింక్ డాక్యుమెంట్లు అప్పగించడం. వీటికి నేను తప్పకుండా కలిపేది ఒకటుంది, చాలామంది మరిచిపోయేది: సవరణ దస్తావేజు అధికారం. విక్రయ దస్తావేజులో తూర్పు హద్దు తప్పు పడిందనో, సర్వే నంబరులో ఒక అంకె మారిందనో నాలుగు నెలల తర్వాత కొన్నవాళ్ల బ్యాంకు చెబుతుంది. అప్పటికి అమ్మకం అయిపోయింది కాబట్టి పవర్ పని ముగిసినట్టే. మళ్లీ మీ సంతకం కోసం మీ వెంట పడతారు. అందుకని "విస్తీర్ణం, ధర, కొనుగోలుదారు పేరు మార్చకుండా కేవలం వ్రాత పొరపాట్లు సవరించుటకు, విక్రయం జరిగిన నాటి నుంచి ఆరు నెలల వరకు" అని ఒక చిన్న అధికారం విడిగా ఇవ్వండి.

వద్దు అని రాయాల్సినవి కూడా విడిగా రాయాలి: తనఖా, గిఫ్టు, డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, లీజు, ఇతరులకు అగ్రిమెంట్, కోర్టులో రాజీ, తన బదులు మరొకరిని నియమించడం, తనకు గానీ తన భార్యాపిల్లలకు గానీ అమ్ముకోవడం. మీ అనుమతి లేకుండా ఏజెంటు తానే కొనుక్కుని మీకు నష్టం చేస్తే దాన్ని కాదనే హక్కు కాంట్రాక్ట్ చట్టం ఎలాగూ ఇస్తుంది, కానీ అది కోర్టుకెళ్లి తేల్చుకోవాల్సిన విషయం. ముందే రాసి ఉంటే సబ్ రిజిస్ట్రార్ బల్ల దగ్గరే ఆగిపోతుంది.

పత్రం చివర రెండు మామూలు వాక్యాలు ఉంటాయి, వాటిని ఎవరూ చదవరు. ఒకటి "మరియు అవసరమైన ఇతర సకల పనులు చేయుటకు." రెండోది "మీరు చేసిన పనులన్నీ నేను స్వయంగా చేసినట్లే అంగీకరిస్తున్నాను." మొదటిది తీసేయించండి. రెండోదానికి "ఈ పత్రంలోని పరిమితులకు లోబడి చేసిన" అనే మాటలు చేర్పించండి. పైన పది షరతులు రాసి, కింద ఈ వాక్యం అలాగే వదిలేస్తే, అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

అమెరికాలో సంతకం పెట్టడం గురించి. రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం విదేశంలో ఉన్నవాళ్లు నోటరీ ముందు గానీ, భారత కాన్సుల్ ముందు గానీ పవర్ రాసి ధృవీకరించుకోవచ్చు. కాన్సులేట్ ధృవీకరణ ఉంటే ఇక్కడి ఆఫీసుల్లో ప్రశ్నలు తక్కువ వస్తాయని నా అనుభవం. నోటరీతో చేయిస్తే దాని మీద అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధృవీకరణ, అంటే అపోస్టిల్ కూడా వేయించండి. తమకు చదవడం రాని కాగితం మీద ముద్ర వేయడానికి అక్కడి నోటరీలు ఇష్టపడకపోవచ్చు కాబట్టి పత్రం ఇంగ్లిషులో ఉండనివ్వండి. నేను పైన తెలుగులో ఇచ్చింది భావం కోసం. ప్రతి పేజీ మీద మీ సంతకం, మీ ఫొటో, పాస్‌పోర్టు నంబరు, బావమరిది ఫొటో, ఆయన నమూనా సంతకం, ఇద్దరు సాక్షులు ఉండాలి.

పేరు సరిపోవడం చూసుకోండి. మన లింక్ డాక్యుమెంట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా వెనకుంటుంది. రెండు రూపాలూ రాసి "ఈ రెండూ నా పేర్లే, నేనే" అని పత్రంలో చెప్పాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్లకైతే ఈ వాక్యం లేకుండా పని జరగదు.

పత్రం ఇండియా చేరిన తేదీ నుంచి 3 నెలల్లో ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి, స్టాంపు చట్టం ఇచ్చిన గడువు అది. మన దగ్గర జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో దీన్ని వాలిడేషన్ అంటారు. కొరియర్ కవరు పారేయకండి, చేరిన తేదీకి అదే రుజువు. డ్యూటీ దగ్గరి బంధువులకు ఇచ్చినప్పుడు ఒకలా, ఇతరులకు ఇచ్చినప్పుడు ఒకలా ఉంటుంది. బావమరిది ఏ లెక్కలోకి వస్తారో ఆఫీసులో ముందే అడిగించండి. నాన్నగారో అమ్మగారో ఓపికగా ఉంటే ఏజెంటుగా వాళ్లను పెట్టుకోవడం గురించి కూడా ఆలోచించండి.

రద్దు సంగతికి వస్తాను. మామూలు పవర్‌ను, దాన్ని వాడకముందు, మీరు ఎప్పుడైనా రద్దు చేయవచ్చు. ఏజెంటు ఒప్పుకోవాల్సిన పని లేదు. అయితే మూడు చోట్ల జాగ్రత్త పడాలి.

మొదటిది కాంట్రాక్ట్ చట్టం 202వ సెక్షన్. ఏజెంటుకే ఆ ఆస్తిలో స్వార్థం ఉంటే ఆ పవర్‌ను మీ ఇష్టం మీద రద్దు చేయలేరు. ఇది ఎలా పుట్టుకొస్తుందో చెబుతాను. ఒకాయన తన పెద్దమ్మ కొడుకు దగ్గర 6 లక్షలు అప్పు తీసుకున్నారు. పవర్ రాసేటప్పుడు నిజాయితీగా అనుకుని, "నేను మీకు ఇవ్వవలసిన 6 లక్షలు అమ్మకపు సొమ్ములోంచి మీరు తీసుకొనవచ్చును" అని ఒక వాక్యం రాయించారు. ఏడాది తర్వాత ఇద్దరికీ చెడింది. రద్దు చేస్తూ నోటీసు ఇస్తే, ఆ ఒక్క వాక్యం చూపించి "నా అప్పు తీరేదాకా ఇది రద్దు కాదు" అని ఆ అన్నగారు కోర్టుకెక్కారు. కాబట్టి మీ బావమరిదికి బాకీ ఏమైనా ఉంటే అది వేరే కాగితం మీద ఉండాలి. పవర్‌లో "ప్రతిఫలం తీసుకొని", "రద్దు చేయరాని" అనే మాటలు ఎక్కడా కనిపించకూడదు. "ఈ అధికారం ప్రతిఫలం లేకుండా ఇవ్వబడినది, షెడ్యూలు ఆస్తిలో ఏజెంటుకు ఎట్టి హక్కూ, స్వార్థమూ లేదు" అని రాయించండి.

రెండోది గడువు. పవర్‌కు ఆఖరు తేదీ పెట్టమన్నాను, "సవరణ అధికారం మినహా, ఫలానా తేదీ సాయంత్రం 5 గంటలతో దానంతటదే ముగియును" అన్నట్టు. మీ విషయంలో సంతకం నుంచి నాలుగు నెలలు చాలు. కానీ గడువు ఒక్కటే రాస్తే, "నాలుగు నెలలు నాకే ఇస్తానన్నారు, మధ్యలో కారణం లేకుండా తీసేశారు, నష్టపరిహారం ఇవ్వండి" అనే వాదనకు 205వ సెక్షన్ చోటిస్తుంది. అందుకే పక్కనే "ఈ గడువు గరిష్ట పరిమితి మాత్రమే, ఈలోగా ఎప్పుడైనా కారణం చూపకుండా రద్దు చేయు హక్కు నాకు కలదు" అని ఉండాలి.

మూడోది, అన్నిటికంటే ఎక్కువ మందికి తెలియనిది. రద్దు ఏజెంటుకు సంబంధించి ఆయనకు తెలిసినప్పటి నుంచి, బయటివాళ్లకు సంబంధించి వాళ్లకు తెలిసినప్పటి నుంచి అమల్లోకి వస్తుందని 208వ సెక్షన్ చెబుతుంది. రద్దు దస్తావేజు రిజిస్టర్ చేయించేస్తే లోకమంతటికీ తెలిసినట్టే కదా అనుకుంటారు. కాదు. ఇలాంటి ఉత్త పవర్లు, వాటి రద్దులు సాధారణంగా రిజిస్ట్రేషన్ ఆఫీసులో నాలుగో పుస్తకంలోకి వెళ్తాయి. కొనేవాళ్లు తీసే ఈసీ ఒకటో పుస్తకం చూసి ఇచ్చేది. కాబట్టి ఈసీలో మీ రద్దు కనిపించదు. నాలుగో పుస్తకం నకళ్లు బయటివాళ్లకు ఇవ్వరు కూడా. ఏ పాపం తెలియని కొనుగోలుదారు ఈసీ శుభ్రంగా ఉందని, అసలు పవర్ కాగితం చేతిలో ఉందని నమ్మి కొంటే, మీ రద్దు బలం అక్కడే సన్నగిల్లుతుంది.

అందుకే రద్దు చేయాలనుకున్న రోజున ఈ వరుసలో కదలండి. ముందు ఆ గంటలోనే బావమరిదికి వాట్సాప్, ఈమెయిల్ రెండింటిలోనూ "ఫలానా తేదీ పవర్ రద్దు చేశాను, ఇకపై వాడవద్దు, అసలు కాగితం తిరిగి ఇవ్వండి" అని రాయండి. ఫోన్లో చెప్పి వదిలేయకండి. అదే పూట పవర్‌లో పేరున్న కొనుగోలుదారుకు అదే సంగతి రాయండి. పవర్‌లో ఒకే మనిషి పేరు ఉండటం వల్ల కలిగే గొప్ప లాభం ఇక్కడ తెలుస్తుంది: మీరు తెలపాల్సిన బయటి మనిషి ఒక్కడే. తర్వాత రద్దు పత్రం రాసి, పవర్ ఎలా ధృవీకరించారో దాన్నీ అలాగే ధృవీకరించి పంపండి. దాని నకళ్లు ఆ సబ్ రిజిస్ట్రార్‌కు, వాలిడేట్ చేసిన జిల్లా రిజిస్ట్రార్‌కు రసీదు తీసుకుని అందజేయించండి. బావమరిది ఇంటి చిరునామాకు డెలివరీ రుజువుతో స్పీడ్ పోస్ట్ వేయించండి. పరిస్థితి చెడ్డదైతే గుంటూరు జిల్లా ఎడిషన్‌లో పత్రికా ప్రకటన కూడా ఇవ్వండి. బంధువుల మధ్య అది పరువు విషయం అవుతుంది కాబట్టి, అసలు కాగితం తిరిగి రాకపోతేనే నేను ఆ సలహా ఇస్తాను.

ఒకటి గుర్తుంచుకోండి. ఆయన అప్పటికే పవర్ పరిధిలో చేసేసిన పనిని రద్దు వెనక్కి తిప్పలేదు. పొద్దున రిజిస్ట్రేషన్ అయిపోయి సాయంత్రం రద్దు చేస్తే ఆ అమ్మకం అమ్మకమే.

అసలు కాగితం ఎవరి దగ్గర ఉండాలన్నది దీనికి ముడిపడిందే. నేను నా దగ్గరికి వచ్చేవాళ్లకు చెప్పేది, ఒకే ఒక్క అసలు ప్రతి తయారు చేయండి, "అసలు ప్రతి చూపితేనే ఈ అధికారం చెల్లును, నకళ్లకు చెల్లదు" అని అందులోనే రాయండి, వాలిడేషన్ అయ్యాక దాన్ని ఏజెంటు దగ్గర కాకుండా మీ అమ్మగారి దగ్గరో, మీరు పెట్టుకున్న వకీలు దగ్గరో ఉంచండి. రిజిస్ట్రేషన్ రోజున వాళ్లు వెంట తీసుకెళ్తారు, అయ్యాక వెంట తెచ్చుకుంటారు. మీ బావమరిది మంచివారైతే దీనికి నొచ్చుకోరు. కాగితం పోతే తన మీదికి వస్తుందన్న భయం ఆయనకూ తగ్గుతుంది.

రిజిస్ట్రేషన్‌కు ముందు రోజు కొనే ఆయన వకీలు మీకు వీడియో కాల్ చేస్తానంటే విసుక్కోకుండా మాట్లాడండి. పవర్ ఇచ్చినవాళ్లు చనిపోతే పవర్ కూడా పోతుంది కాబట్టి, మీరు బతికి ఉన్నారని, పవర్ రద్దు కాలేదని బావమరిది చేత అఫిడవిట్ అడుగుతారు. కొనేవాళ్లు బ్యాంకు లోన్ తీసుకుంటుంటే బ్యాంకు ప్యానెల్ వకీలు కూడా పవర్ నిజమైనదేనా అని మీకు నేరుగా ఈమెయిల్ పెట్టవచ్చు. ఆ ఈమెయిల్ అడ్రసు పవర్ పత్రంలోనే మీ చిరునామా కింద రాసి ఉంచితే పని తేలికవుతుంది.

రిజిస్ట్రేషన్ అయిన రోజే స్కాన్ అయిన విక్రయ దస్తావేజు నకలు తెప్పించుకుని, షెడ్యూలులో మీ రెండో ప్లాటు నంబరు ఎక్కడా లేదని, ధర 48 లక్షలే అని, డీడీ నంబర్లు సరిపోయాయని మీరే చదవండి. వారం పది రోజులు ఆగి రెండో ప్లాటు మీద కూడా ఒక ఈసీ తీయించండి. సవరణ కోసం ఇచ్చిన ఆరు నెలలు పూర్తయ్యాక అసలు పవర్ కాగితం అమ్మగారి దగ్గర నుంచి తెప్పించుకుని, మీ కాగితాల్లో పెట్టుకోండి.